ఫలించని పాఠాన్నే దరఖాస్తులో పెట్టండి

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. పలమనేరు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 11 ఏళ్లుగా గణితం చెబుతున్నాను. ఎంఎడ్ అయింది, ఈ మధ్యే పిహెచ్‌డి పట్టా వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం ఎడ్యుకేషన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. తరగతి ఉదాహరణలతో రెండు పేజీల బోధనా దృక్పథం రాసి పంపమన్నారు. విద్యార్థి కేంద్రిత బోధన, జ్ఞాన నిర్మాణవాదం, పియాజే, వైగోట్‌స్కీ, డ్యూయీ అంటూ రాశాను. మా తోటి టీచరు చదివి, 'ఇది ఎవరైనా రాయొచ్చు కదా' అన్నారు. మొదట ఒక సంఘటన కూడా రాశాను. ఏడో తరగతిలో 0.35, 0.7ల్లో ఏది పెద్దదని అడిగితే 42 మందిలో 29 మంది 0.35 అన్నారు. మా పిల్లల్లో చాలామంది పొద్దున్నే కేంద్రానికి పాలు పోసి వస్తారు కాబట్టి ఆ చీటీలు తెప్పించి పాఠం చెప్పాను. ఆ రోజు అందరూ సరిగ్గా చెప్పారు. రెండు వారాల తర్వాత పరీక్షలో 17 మంది మళ్లీ 0.35 పెద్దదని రాశారు. తర్వాత పది భాగాలు గీసిన కాగితపు పట్టీతో మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. పాఠం ఫలించలేదు, పైగా పాల చీటీలు, పల్లెటూరి వ్యవహారం విశ్వవిద్యాలయం వాళ్లకు ఏం బాగుంటుందని తీసేశాను. ఏం రాయాలో చెప్పగలరు.

సమాధానం: మీరు తీసేసిన పేరా ఒక్కటే ఆ రెండు పేజీల్లో మీది. మిగతాదంతా బీఎడ్ గైడుల్లో ఉంది. మీ తోటి టీచరు కాస్త మర్యాదగా చెప్పారు, నేను అంత మర్యాద చేయను.

తిరుపతిలో ఒకసారి ఎంపిక సంఘంలో కూర్చున్నాను. ఎక్కడ, ఎప్పుడు అన్నది అనవసరం. ఒక అభ్యర్థి 'నా బోధన పూర్తిగా విద్యార్థి కేంద్రితం' అని రాసుకొచ్చారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కాగితం పక్కన పెట్టి, 'ఏ విద్యార్థి? ఒక్కరి సంగతి చెప్పండి' అన్నారు. ఆ అభ్యర్థి చెడ్డ టీచరని నేను ఇప్పటికీ అనుకోను. అయితే అక్కడ ఆ కుర్చీలో కూర్చుని, అన్ని సంవత్సరాల్లో తన ముందు కూర్చున్న ఒక్క పిల్ల కూడా గుర్తుకు రాలేదు. మీకు 29 మంది గుర్తున్నారు, తర్వాత 17 మంది గుర్తున్నారు. ఆ లెక్క దాచిపెట్టి డ్యూయీని ముందుకు తోశారు!

ముందు ఆ పాఠం ఎందుకు ఫలించలేదో చూద్దాం. అది తేలితే రాయడం పెద్ద కష్టం కాదు.

మీ ఉత్తరం చదివాక మా ఇంటికి పాలు పోసే ఆయన్ని అడిగి ఒక చీటీ తీసుకున్నాను. లీటర్ల కింద 4.60 అని ఉంది. దాని పక్కన వెన్న శాతం 3.9, వెన్న కాని ఘనపదార్థాల శాతం, అంటే ఎస్ఎన్ఎఫ్ 8.4, తర్వాత రేటు, మొత్తం. ముందు రోజు చీటీ కూడా ఇచ్చారు, అందులో లీటర్లు 4.35. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి ఏడో తరగతి పిల్లలా చూడండి. లీటర్ల గడిలో ఎప్పుడూ బిందువు తర్వాత రెండంకెలే. వెన్న గడిలో ఎప్పుడూ ఒక్కటే. 60కీ 35కీ మధ్య ఏది పెద్దదో రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. బిందువు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదివే పిల్లవాడికి ఈ చీటీ మీద ఎన్నడూ తప్పు రాదు. అంటే ఆ రోజు మీ తరగతిలో అందరూ సరిగ్గా చెప్పడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ల పాత సూత్రం చీటీ మీద చక్కగా పనిచేసింది. ఆ సూత్రాన్ని పోగొట్టాలని మీరు తెచ్చిన చీటీయే దానికి అండగా నిలిచింది. పరీక్ష కాగితంలో 0.7 పక్కన సున్నా లేదు, అందుకే పాత జబ్బు మళ్లీ బయటపడింది.

స్థానిక ఉదాహరణ ఉంటే చాలు, పిల్లలకు అర్థమైపోతుందని మనం శిక్షణల్లో తెగ చెబుతాం. నేనూ చెప్పాను. మీ చీటీ దానికి చక్కని ఎదురు సాక్ష్యం. డబ్బుతో చెప్పినా ఇదే గొడవ: 39.50ని పిల్లలు ముప్ఫై తొమ్మిది రూపాయల యాభై పైసలు అని చదువుతారు, అంటే బిందువు వాళ్లకు రెండు వేర్వేరు సంఖ్యల మధ్య గోడ. క్రికెట్‌లో 4.5 ఓవర్లంటే నాలుగు ఓవర్ల ఐదు బంతులు, దాని తర్వాత వచ్చేది 5. ఊళ్లో, టీవీలో పిల్లవాడు రోజూ చూసే బిందువు చాలాచోట్ల దశాంశ బిందువులా ప్రవర్తించదు. దానికి తోడు మనం కూడా తరగతిలో 'సున్నా పాయింట్ ముప్ఫై ఐదు' అంటాం. ముప్ఫై ఐదు అని మన నోటితోనే అని, మళ్లీ అది ముప్ఫై ఐదు కాదంటే పిల్లలు ఎవరి మాట నమ్మాలి?

ఇంకొక సంగతి. మొదటిసారి సరిగ్గా చెప్పిన 13 మంది గురించి మీరు ఏమీ రాయలేదు. వాళ్లకు వచ్చేసిందని అనుకున్నారు. నేను అంత తేలిగ్గా నమ్మను. దశాంశాల్లో పిల్లలకు ఇంకో తప్పు సూత్రం కూడా ఉంటుంది: బిందువు తర్వాత అంకెలు తక్కువుంటే అది పెద్ద సంఖ్య. పదో వంతు ముక్క వందో వంతు ముక్క కన్నా పెద్దదని ఎక్కడో విని, దాన్ని సగం పట్టుకుని తయారుచేసుకున్న సూత్రం అది. ఈ సూత్రంతో వెళ్లినా 0.35, 0.7ల్లో 0.7 పెద్దదే. జవాబు సరైనది, కారణం తప్పు. అదే పిల్లవాణ్ణి 0.4, 0.83ల్లో ఏది పెద్దదని అడగండి, 0.4 అంటాడు. మీ 29 మందేమో అక్కడ 0.83 అని సరిగ్గా చెప్పేస్తారు, ఎందుకంటే 4 కన్నా 83 పెద్దది కదా. ఒక ప్రశ్న ఒక జబ్బును పట్టిస్తుంది, రెండోదాన్ని దాచేస్తుంది. అందుకని రెండు రకాల జతలూ ఇవ్వాలి, వీలైతే 0.5, 0.50 జత కూడా. పిల్లవాడు ఏ జతలో తప్పు చేశాడో చూస్తే మనసులో ఏ సూత్రం నడుస్తోందో చాలావరకు తెలుస్తుంది. చాలావరకే సుమా. కొందరు ఊరికే ఊహించి రాస్తారు. ఖాయంగా తెలియాలంటే ఆ పిల్లను దగ్గరికి పిలిచి 'ఎలా చెప్పావమ్మా' అని అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినాలి.

మీ కాగితపు పట్టీ ఎందుకు పనిచేసే అవకాశం ఉందో కూడా దీన్నిబట్టే చెప్పవచ్చు. పది భాగాలు మాత్రమే గీసిన పట్టీ మీద 0.35 ఎక్కడుందో చూపించాలంటే పిల్ల ముందు మూడు భాగాలు దాటాలి, తర్వాత నాలుగో భాగంలో సగం దాకా వెళ్లి ఆగాలి. 0.7కు ఏడు భాగాలు దాటాలి. ముప్ఫై ఐదు అన్న మాట ఆ పట్టీ మీద ఎక్కడా కనిపించదు. మీరు మీటరు స్కేలో టేపో వాడి ఉంటే సెంటీమీటర్ల గుర్తులు చూసి పిల్లలు మళ్లీ 35, 70 అని లెక్కపెట్టుకునేవారు. చివర సున్నా చేర్చి పోల్చండని చెప్పడం ఇంకా సులువు, జవాబు కూడా వచ్చేస్తుంది. అందులో పదో వంతులు, వందో వంతులు అన్న ఆలోచన అవసరమే పడదు. మీరు ఆ సులువైన దారిలో వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే అదే మీ బోధనా దృక్పథం. 'నేను నమ్మేదేమిటంటే' అని ప్రత్యేకంగా మొదలుపెట్టనక్కరలేదు.

పట్టీ తర్వాత ఎంతమంది సరిగ్గా చేశారో ఉత్తరంలో లేదు. రాసిపెట్టుకున్న లెక్క ఉంటే వేయండి. లేకపోతే వేయవద్దు. 'దాదాపు అందరూ' అన్న మాట కూడా వద్దు, ఇంటర్వ్యూలో మొదట పట్టుకునేది దాన్నే. లెక్క రాసుకోలేదని, ఇప్పుడైతే రాసుకుంటానని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు ఆ పేరా ఎలా ఉండవచ్చో చూపిస్తాను. నేను మీ తరగతిలో లేను కాబట్టి ఉత్తరంలో ఉన్నంతవరకే తీసుకుంటున్నాను, మిగిలింది మీరు సరిచేసుకోండి.

'ఏడో తరగతిలో 42 మందిని 0.35, 0.7ల్లో ఏది పెద్దదని అడిగితే 29 మంది 0.35 అన్నారు, 7 కన్నా 35 పెద్దది కాబట్టి. పాల కేంద్రం చీటీలు పిల్లలకు బాగా తెలిసినవని వాటితో పాఠం చెప్పాను. ఆ రోజు అందరూ సరిగ్గా చెప్పారు. రెండు వారాల తర్వాత 17 మంది పాత జవాబే రాశారు. ఆలస్యంగా తెలిసిందేమిటంటే, చీటీలో లీటర్లు ఎప్పుడూ రెండు దశాంశ స్థానాలతో ఉంటాయి. 4.60ని 4.35తో పోల్చడానికి స్థాన విలువ తెలియనక్కరలేదు. పిల్లల తప్పు సూత్రాన్ని నా ఉదాహరణ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. తర్వాత పది భాగాల కాగితపు పట్టీ మీద రెండు సంఖ్యలనూ గుర్తించమన్నాను. అప్పటి నుంచి ఏ ఉదాహరణ ఎంచుకున్నా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: తప్పుగా ఆలోచించే పిల్ల కూడా దీనికి సరైన జవాబు చెప్పగలదా? చెప్పగలిగితే ఆ ఉదాహరణతో ఆ తప్పు బయటపడదు.'

ఇందులో సిద్ధాంతకర్త పేరు ఒక్కటీ లేదు. ఉండకూడదని కాదు. ఎడ్యుకేషన్ విభాగం కాబట్టి చదివిన చదువు కనబడాలి కూడా. అయితే పని చేసే పేరు ఒక్కటి చాలు. నన్నడిగితే లీ షుల్‌మన్ పేరు తీసుకొస్తాను. విషయం తెలియడం వేరు, ఆ విషయాన్ని పిల్లలు ఎక్కడ ఎలా తప్పుగా పట్టుకుంటారో తెలియడం వేరు, ఈ రెండోది టీచరుకు మాత్రమే ఉండే ప్రత్యేక జ్ఞానం అన్న ఆలోచనను ఆయన 1986లో గట్టిగా ముందుకు తెచ్చారు. మన పుస్తకాల్లో దీన్ని బోధనా విషయ జ్ఞానం అంటున్నారు. చీటీ కథ సరిగ్గా దాని గురించే. వైగోట్‌స్కీ సమీప వికాస మండలాన్ని కూడా ఇందులో ఇరికించాలని చూడకండి. సాయంతో పిల్ల ఎంతదూరం వెళ్లగలదన్నది ఆయన ప్రశ్న. మీ చీటీ పాఠంలో గొడవ సాయం చాలకపోవడం గురించి కాదు, ఇచ్చిన పని తప్పును బయటపెట్టకపోవడం గురించి. దరఖాస్తులు చదివేవారిలో ఒకరైనా ఆ తేడా తెలిసినవారుంటారు.

ఇంతవరకూ రాస్తే మంచి గణితం టీచరు దరఖాస్తు అవుతుంది. మీరు అడుగుతున్న ఉద్యోగం అది కాదు. రేపటి నుంచి మీ ముందు కూర్చునేది ఏడో తరగతి పిల్లలు కాదు, బీఎడ్, ఎంఎడ్ ఛాత్రోపాధ్యాయులు. బడుల నుంచి వచ్చే అభ్యర్థులు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. 'నేను పిల్లలకు బాగా చెప్పాను, కాబట్టి టీచర్లకూ చెబుతాను' అన్నట్టు వదిలేస్తారు. ఆ 'కాబట్టి'ని మీరు విడమరచి రాయాలి. రెండో పేజీ మొత్తం దానికే ఇవ్వండి.

సూక్ష్మబోధననే తీసుకోండి. మన దగ్గర అలవాటైన పద్ధతిలో ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు పరిపుష్టి, అంటే పాఠం ఎలా ఉందో చూసినవాళ్లు చెప్పడం, పన్నెండు నిమిషాలు పాఠం సరిదిద్దుకోవడం, మళ్లీ ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు పరిపుష్టి, మొత్తం 36 నిమిషాల చక్రం. పిల్లల స్థానంలో కూర్చునేది తోటి ఛాత్రోపాధ్యాయులు. వాళ్లు స్నేహితురాలి పాఠం చెడగొట్టకూడదని ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు చెబుతారు. ఒకవేళ తప్పు చెప్పినా నవ్వించడానికి చెబుతారు. 0.35 పెద్దదని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి ఆ గదిలో ఒక్కరూ ఉండరు. ప్రశ్నించే నైపుణ్యం, నల్లబల్ల వాడకం అన్నీ సాధన అవుతాయి, తప్పు జవాబు ఎదురైతే ఏం చేయాలన్నది మాత్రం కాదు. రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాలు ఇంటర్న్‌షిప్‌కు కేటాయించారు కదా, అక్కడ నేర్చుకుంటారులే అంటారు. తిరుపతి బడుల్లో ఇంటర్న్‌షిప్ చూడటానికి వెళ్లినప్పుడు నేను తరచూ చూసింది వేరు: పిల్ల తప్పు చెప్పగానే 'కూర్చో' అని, చేయి ఎత్తిన ఇంకో పిల్లవైపు తిరగడం. వెనక బెంచీలో నేను పరిశీలన పత్రంతో కూర్చున్నాను కాబట్టి పాఠం సాఫీగా సాగాలని వాళ్ల తాపత్రయం. మార్కులు వేసేదాన్ని నేనే కాబట్టి అందులో నా పాపమూ ఉంది.

మీరు అక్కడ ఏం తేగలరు? మీ దగ్గర 11 ఏళ్ల నోటు పుస్తకాలు, జవాబు పత్రాలు ఉండి ఉంటాయి. పిల్లల పేర్లు, హాజరు నంబర్లు కొట్టేసి నకళ్లు తీయించండి, బడి నుంచి అనుమతి తీసుకుని. సూక్ష్మబోధనకు ముందు వాటిలో ఒకటి ఛాత్రోపాధ్యాయుల చేతికివ్వండి. 0.35, 0.7 జతకు ఈ పిల్ల ఏం రాసిందో చూపించి, 0.4, 0.83 జతకు ఏం రాసి ఉంటుందో ఊహించి రాయమనండి, కారణంతో సహా. తర్వాత రెండో పేజీ ఇవ్వండి. ఊహ తప్పినప్పుడు ఆ గదిలో మొదలయ్యే వాదన ఏ ఉపన్యాసంతోనూ రాదు. ఆ పిల్ల మనసులో ఏ సూత్రం ఉందో తేలాక, అదే ఛాత్రోపాధ్యాయురాలు ఆరు నిమిషాల పాఠం చెప్పాలి. పిల్లల స్థానంలో కూర్చున్నవాళ్లలో ముగ్గురు ఆ సూత్రాన్ని పట్టుకుని, వేళాకోళం లేకుండా, దాని ప్రకారమే జవాబులు చెప్పాలి. పరిపుష్టి పత్రంలో ఒక్క గడి మార్చండి: 'తప్పు జవాబు వచ్చాక టీచరు వేసిన తర్వాతి ప్రశ్న ఏమిటి?'

దీన్ని దరఖాస్తులో ఇంత వివరంగా, చేయబోయే పనిగా రాయండి. చేసేసినట్టు రాయకండి. మీరు ఇంకా బీఎడ్ తరగతికి చెప్పలేదు, ఆ సంగతి చదివేవాళ్లకు తెలుసు. మీ బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఛాత్రోపాధ్యాయులతో ఎప్పుడైనా ఇలాంటి పని చేసి ఉంటే మాత్రం అది బంగారం, తప్పక వేయండి. పరిమితి కూడా ఒక్క వాక్యంలో చెప్పండి. నకలు కాగితం పిల్లవాడు కాదు, దాన్ని మళ్లీ అడగలేం. అందుకే ఇంటర్న్‌షిప్‌లో ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ కనీసం ఒక పిల్లతో విడిగా కూర్చుని మాట్లాడి, ఆ సంభాషణ రాసుకురావాలని అడుగుతానని రాయండి. పాత బ్యాచ్‌ల పాఠ్య పథకాల రికార్డును చూసి ఎక్కించుకున్నట్టు దీన్ని ఎక్కించుకోవడం కష్టం. మా కాలంలో రికార్డు పుస్తకాలు ఎన్ని చేతులు మారేవో నాకు తెలుసు. నాదీ మారింది.

చిన్న విషయాలు రెండు. దరఖాస్తు ఇంగ్లీషులో అడిగి ఉంటారు. అయినా ముందు తెలుగులో రాయండి, ఎందుకంటే ఆ పాఠం తెలుగులో జరిగింది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ముప్ఫై ఐదు అన్న మాట పిల్లల నోట ఎలా వచ్చిందో అలాగే ఉంచి, పక్కన అర్థం చెప్పండి. అసలు ఇబ్బంది ఆ మాటలోనే ఉంది కదా. రెండోది, చదివేవాళ్లందరూ గణితం వాళ్లు కారు. సాంఘికశాస్త్రం, భాషా బోధన వాళ్లూ ఉంటారు. 0.35 ఎందుకు చిన్నదో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. మూడు పదో వంతులు, ఏడు పదో వంతులు అంటే చాలు.

ఇంటర్వ్యూకు పిలిస్తే ఆ 17 మంది గురించి అడుగుతారు. ఎవరో ఒకరు, 'అయితే పాల చీటీలు ఇక వాడరా?' అని కూడా అడుగుతారు. తొందరపడి వాడనని చెప్పకండి. చీటీ మీద ఉన్న 4.60ని 4.6 అని నల్లబల్ల మీద రాసి, ఇవి రెండూ ఒకటేనా, కేంద్రంలో వీటికి ఒకే డబ్బు ఇస్తారా అని అడిగి ఉంటే ఆ చీటీయే పనికొచ్చేది. పిల్లలు కొట్టుకు చచ్చేవారు, డబ్బు వ్యవహారం కదా. వీలైతే ఈ వారమే మీ తరగతిలో అడిగి చూడండి, ఏమన్నారో రాసిపెట్టుకోండి. దరఖాస్తుకు గడువు ఎంత ఉందో మీరు రాయలేదు. రెండు రోజులున్నా ఈ పనికి సరిపోతుంది.